అద్దె 10 శాతం నుంచి 2 శాతానికి పడింది: కంపెనీ నిజంగా బాగుపడినట్టేనా?

సుభద్ర

అందరికీ నమస్కారం. చెప్పులు, బూట్లు అమ్మే ఒక చెయిన్ షాపుల కంపెనీ లెక్కలను నాలుగేళ్లకు కామన్ సైజ్ పద్ధతిలో వేసి చూస్తున్నాను. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు కాబట్టి రాయడం లేదు. షాపులన్నీ అద్దెవే. ఏ ఏడాదికి ఆ ఏడాది అమ్మకాలను 100గా తీసుకుని మిగతా పద్దులను శాతాల్లోకి మార్చాను. దశాంశాలను సర్దడం వల్ల చివరి అంకెలో ఒకటి అటూ ఇటూ ఉండవచ్చు.

| పద్దు | 2016 | 2017 | 2018 | 2019 |
|---|---|---|---|---|
| అమ్మకాలు, కోట్లలో | 800 | 880 | 1000 | 1100 |
| అమ్మిన సరుకు ఖర్చు % | 60.0 | 61.0 | 62.0 | 63.0 |
| జీతాలు % | 12.0 | 12.2 | 12.0 | 12.0 |
| అద్దె % | 10.0 | 10.0 | 10.0 | 2.0 |
| ఇతర ఖర్చులు % | 8.0 | 7.7 | 7.5 | 7.5 |
| ఎబిటా % | 10.0 | 9.1 | 8.5 | 15.5 |
| తరుగుదల % | 3.0 | 3.0 | 3.0 | 9.7 |
| వడ్డీ % | 1.0 | 1.0 | 1.0 | 3.0 |
| పన్నుకు ముందు లాభం % | 6.0 | 5.1 | 4.5 | 2.7 |

ఎబిటా అంటే తరుగుదల, వడ్డీ, పన్ను తీయకముందు ఉన్న లాభం. మూడేళ్లు తగ్గుతూ వచ్చిన అది 2019లో ఒక్కసారిగా 15.5 శాతానికి ఎగబాకింది. ఇదే వ్యాపారంలో ఉన్న మరో రెండు కంపెనీలతో పోల్చి ఒక నివేదిక రాయాలి. కంపెనీ కోలుకుందని రాయబోయి ఆగాను, ఎందుకంటే పన్నుకు ముందు లాభం అదే ఏడాది 4.5 నుంచి 2.7కి పడిపోయింది. ఒకే పట్టికలో రెండు వరుసలు రెండు వేర్వేరు కథలు చెబుతుంటే దేన్ని నమ్మాలో తెలియడం లేదు.

నరహరి

సుభద్ర గారూ, మీ పట్టికలోనే జవాబు ఉంది. అద్దె పోయిన ఏడాదే తరుగుదల, వడ్డీ రెండూ పెరిగాయి. అంటే కంపెనీ అద్దెకు ఉన్న షాపులను అప్పు చేసి కొనుక్కుంది. సొంత షాపు అయ్యాక అద్దె ఉండదు, దాని స్థానంలో భవనం మీద తరుగుదల, అప్పు మీద వడ్డీ వస్తాయి. మొదటి కొన్నేళ్లు వడ్డీ భారం వల్ల లాభం తగ్గినట్టు కనిపించడం సహజం.

పోటీ కంపెనీలతో పోల్చడానికి ఎబిటానే వాడండి. ఒక్కో కంపెనీ తరుగుదలను ఒక్కో పద్ధతిలో లెక్కకడుతుంది కాబట్టి, తరుగుదలకు పై వరుసలో పోలిస్తేనే న్యాయంగా ఉంటుంది. ఆ లెక్కన ఈ కంపెనీ 2019లో గట్టిగా పుంజుకుంది.

శేషు ఆడిట్స్

నరహరి గారు అద్దె ఎక్కడికి వెళ్లిందో సరిగ్గానే పట్టుకున్నారు, ఎందుకు వెళ్లిందో మాత్రం వేరు. షాపులు కొని ఉంటే ఆస్తుల వైపు భూమి, భవనాల పద్దు పెరగాలి, అప్పుల వైపు బ్యాంకు రుణం పెరగాలి, నగదు ప్రవాహాల పట్టికలో ఆస్తుల కొనుగోలు కింద పెద్ద మొత్తం బయటికి వెళ్లినట్టు ఉండాలి. సుభద్ర గారూ, ఈ మూడూ ఒకసారి చూసి చెప్పండి. నా అంచనాలో మూడింటిలో ఏదీ జరిగి ఉండదు.

2019 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన లెక్కల సంవత్సరాలకు, లీజులను అంటే అద్దె ఒప్పందాలను ఎలా నమోదు చేయాలో చెప్పే అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఐఏఎస్ 17 కింద మామూలు అద్దె ఒప్పందం బ్యాలెన్స్ షీటులో కనిపించేది కాదు, అద్దె ఏ ఏటికాయేడు ఖర్చులో పడేది. కొత్త ప్రమాణం ప్రకారం ఒప్పందం మిగిలిన కాలానికి చెల్లించాల్సిన అద్దెలన్నింటినీ ఇప్పటి విలువకు తగ్గించి ఒక అప్పుగా చూపాలి, దానికి ఎదురుగా షాపును వాడుకునే హక్కును ఒక ఆస్తిగా చూపాలి. ఆ ఆస్తి మీద తరుగుదల, ఆ అప్పు మీద వడ్డీ పడతాయి. అద్దె అనే వరుసలో పన్నెండు నెలలకు మించని ఒప్పందాలు, అమ్మకాలను బట్టి మారే అద్దెల వంటివి మాత్రమే మిగులుతాయి. షాపు యజమానికి వెళ్లే డబ్బు మాత్రం పైసా కూడా మారలేదు.

ఇందులో మరో చిక్కు ఉంది. ప్రమాణంలోకి మారేటప్పుడు పాత సంవత్సరాల అంకెలను తిరగరాయకుండా, మారిన రోజు నుంచే కొత్త లెక్క మొదలుపెట్టే వెసులుబాటు ఇచ్చారు. చాలా కంపెనీలు దాన్నే ఎంచుకున్నాయి. మీ కంపెనీ కూడా అలాగే చేసి ఉంటే, మీ పట్టికలో మొదటి మూడు నిలువు వరుసలు ఒక భాషలో, నాలుగోది వేరే భాషలో ఉన్నట్టు లెక్క. లీజుల నోట్ తెరిచి నాలుగు అంకెలు వెతకండి: లీజు ఆస్తుల మీద తరుగుదల, లీజు అప్పు మీద వడ్డీ, స్వల్పకాలిక లీజుల ఖర్చు, లీజుల కోసం మొత్తం బయటికి వెళ్లిన నగదు. ఈ నాలుగూ వెల్లడించడం తప్పనిసరి.

సుభద్ర

శేషు గారూ, చూశాను. భూమి, భవనాల పద్దులో మార్పు లేదు, బ్యాంకు రుణం దాదాపు అంతే ఉంది. లీజుల నోట్‌లో ఉన్నవి ఇవి, అన్నీ కోట్లలో: 2019 మొదటి రోజున లీజు అప్పు 370, లీజు ఆస్తుల మీద తరుగుదల 74, లీజు అప్పు మీద వడ్డీ 22, స్వల్పకాలిక లీజుల ఖర్చు 22, మొత్తం బయటికి వెళ్లిన నగదు 110. ఆ ఏడాది తెరిచిన కొత్త షాపులకు పన్నెండు నెలల ఒప్పందాలే చేసుకున్నామని, పాత ఏడాది అంకెలను సవరించలేదని కూడా రాశారు.

మొత్తం నగదు 110 కోట్లు అంటే 1100 కోట్ల అమ్మకాల్లో సరిగ్గా 10 శాతం. అంటే అద్దె ఎక్కడికీ పోలేదు.

శేషు ఆడిట్స్

అదే విషయం. ఇప్పుడు 2019ని పాత భాషలోకి మార్చుకుందాం.

స్వల్పకాలిక లీజులు 22 పోగా, పెద్ద ఒప్పందాల కింద కట్టిన అద్దె 88. దాన్ని అద్దె వరుసలోకి వెనక్కి తెస్తే ఎబిటా 170 నుంచి 82కి దిగుతుంది, అంటే 7.5 శాతం. తరుగుదల 107లో లీజులది 74 తీసేస్తే 33 మిగులుతుంది, అది ఎప్పటిలాగే 3 శాతం. వడ్డీ 33లో లీజులది 22 తీసేస్తే 11, అదీ ఎప్పటిలాగే 1 శాతం. పన్నుకు ముందు లాభం 38, అంటే 3.5 శాతం. కాబట్టి ఎబిటా వరుస 10.0, 9.1, 8.5, 7.5 అని చదవాలి. పుంజుకోవడం అటుంచి, జారుడు ఇంకాస్త వేగం అందుకుంది.

మీకు రెండు వరుసలు రెండు కథలు చెప్పడానికి ఇంకో చిన్న కారణం ఉంది. కట్టిన అద్దె 88 అయితే, కొత్త పద్ధతిలో ఖర్చుగా పడింది 74, 22 కలిపి 96. తరుగుదల ఏటా సమానంగా ఉంటుంది కానీ వడ్డీ మొదట్లో ఎక్కువగా ఉండి, అప్పు తీరే కొద్దీ తగ్గుతుంది. అందువల్ల ఒప్పందం తొలి ఏళ్లలో లాభం కొంత తక్కువగా, చివరి ఏళ్లలో కొంత ఎక్కువగా కనిపిస్తుంది. పన్నుకు ముందు లాభం నిజానికి 3.5 శాతం ఉండాల్సింది 2.7గా కనిపించడానికి ఆ 8 కోట్ల తేడాయే కారణం. కాబట్టి ఎబిటా ఎంత అబద్ధం చెప్పిందో అంత కాకపోయినా, కింది వరుస కూడా పూర్తిగా నిజం చెప్పలేదు.

ఒక జాగ్రత్త. కట్టిన నగదు, పాత పద్ధతిలో పడే అద్దె ఖర్చు అచ్చంగా ఒకటి కావు. మొదటి ఆరు నెలలు అద్దె మాఫీ చేసిన ఒప్పందాలు, ఏటా పెరిగే ఒప్పందాలు ఎక్కువగా ఉంటే తేడా వస్తుంది. నివేదికలో దాన్ని అంచనా అనే రాయండి.

మిల్లు వెంకట్

ఇదే బాధ నేనూ పడ్డాను. మా స్పిన్నింగ్ మిల్లులో కరెంటు ఖర్చు అమ్మకాల్లో 9 శాతం ఉండేది, ఒక్క ఏడాదిలో 13కి చేరింది. యాజమాన్యం కామన్ సైజ్ పట్టిక ముందు పెట్టి, కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చెప్పమని మా విభాగాన్ని రెండు నెలలు నిలదీసింది. మీటర్లు మార్పించారు, రాత్రి షిఫ్టులో తనిఖీలు పెట్టారు. చివరికి చూస్తే కరెంటు బిల్లు 5 కోట్ల 40 లక్షల నుంచి 5 కోట్ల 46 లక్షలకు పెరిగింది, అంతే. అమ్మకాలు 60 కోట్ల నుంచి 42 కోట్లకు పడిపోయాయి. గిరాకీ లేక నూలు గోదాములో ఉండిపోయింది గానీ యంత్రాలు మాత్రం ఆపలేదు. సుభద్ర గారి కంపెనీలో కూడా అమ్మకాలు తగ్గాయేమో ముందు చూడాలి.

శేషు ఆడిట్స్

వెంకట్ గారూ, మీ అనుభవం చాలా విలువైనది, కానీ ఇక్కడ జరిగింది అది కాదు. ఇక్కడ అమ్మకాలు 10 శాతం పెరిగాయి, మారింది అద్దెను నమోదు చేసే తీరు. అయితే మీరు చెప్పిన దాన్నుంచి సుభద్ర గారికి పనికొచ్చే సంగతి ఒకటుంది. శాతం అంటే ఒక భిన్నం. అది కదిలినప్పుడు లవం కదిలిందా, హారం కదిలిందా అన్నది ఆ శాతం ఒక్కటీ చెప్పలేదు. అందుకే ప్రతి పద్దుకూ మొదటి ఏడాదిని 100గా పెట్టుకుని ట్రెండ్ సూచీ కూడా పక్కనే వేయాలి. మీ మిల్లులో ఆ సూచీ వేసి ఉంటే కరెంటు 101, అమ్మకాలు 70 అని కనిపించేది, మీటర్ల జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు.

మిల్లు వెంకట్

నిజమే. ఆ రెండు అంకెలు అప్పుడు ఎవరైనా కాగితం మీద పెట్టి ఉంటే మా వాళ్లకు రెండు నెలల నిద్ర దక్కేది.

కోమలి

సుభద్ర గారూ, పోటీ కంపెనీల అంకెలు కూడా ఇక్కడ పెట్టగలరా? ఏళ్ల మధ్య పోలికలో దొరికిన తప్పు ఒకటైతే, కంపెనీల మధ్య పోలికలో అలాంటివి మరికొన్ని ఉంటాయి. రుణాల దరఖాస్తులు పరిశీలించడం నా రోజువారీ పని, అక్కడ ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

సుభద్ర

పోటీ కంపెనీలను మొదటిది, రెండోది అంటాను. రెండూ షాపులు అద్దెకు తీసుకునే నడుపుతాయి. 2019లో మొదటి దాని అమ్మకాల ఖర్చు 79 శాతం ఉంది, మన కంపెనీది 63 మాత్రమే. అంటే సరుకు కొనుగోలులో మన కంపెనీ చాలా మెరుగని రాసుకున్నాను. రెండోది అమెరికా ప్రమాణాల ప్రకారం లెక్కలు ఇస్తుంది, దాని ఎబిటా 9.2 శాతం.

కోమలి

మొదటి కంపెనీ లాభనష్టాల ఖాతాలో జీతాలు, తరుగుదల అనే వరుసలు విడిగా ఉన్నాయా? లేక అమ్మకాల ఖర్చు, పంపిణీ ఖర్చు, పరిపాలన ఖర్చు అనే మూడే ఉన్నాయా?

సుభద్ర

మీరు చెప్పినట్టే మూడే ఉన్నాయి.

కోమలి

అయితే ఆ 79, ఈ 63 పోల్చదగినవి కావు. మన కంపెనీ ఖర్చులను వాటి స్వభావాన్ని బట్టి, అంటే సరుకు, జీతం, అద్దె అని విడగొట్టింది. మొదటి కంపెనీ ఆ ఖర్చు ఏ పనికి అయిందో దాన్ని బట్టి విడగొట్టింది. షాపులో సరుకు చూపించే ఉద్యోగి జీతం, ఆ షాపు లీజు మీద తరుగుదల, షాపు కరెంటు అన్నీ దాని అమ్మకాల ఖర్చులోనే కలిసి ఉండవచ్చు. ఐఏఎస్ 1 రెండు విధాలనూ అనుమతిస్తుంది.

దీన్ని విప్పడానికి ఒక దారి ఉంది. రెండో విధాన్ని ఎంచుకున్న కంపెనీ తరుగుదల ఎంత, ఉద్యోగుల ఖర్చు ఎంత అన్నది నోట్స్‌లో విడిగా చెప్పి తీరాలి. అమ్ముడైన సరుకు విలువ ఎంత ఖర్చుగా పడిందో నిల్వల నోట్‌లో దొరుకుతుంది. ముందు ఆ సరుకు అంకెను తీసుకుని మన 63తో పోల్చండి.

సుభద్ర

నిల్వల నోట్‌లో దొరికింది. అమ్మకాల్లో 61 శాతం. అంటే 16 పాయింట్ల తేడా అనుకున్నది తిరగబడి, మొదటి కంపెనీయే 2 పాయింట్లు మెరుగని తేలింది. నా ముసాయిదాలో ఒక పేరా మొత్తం తీసేయాల్సి వచ్చింది.

కోమలి

రెండో కంపెనీ విషయం దీనికి తారుమారు. అమెరికా ప్రమాణాల్లో కూడా 2019 నుంచి నమోదిత కంపెనీలు లీజులను బ్యాలెన్స్ షీటులోకి తెచ్చాయి, కాబట్టి అప్పుల వైపు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. కానీ మామూలు షాపు అద్దె వంటి ఒప్పందాలకు లాభనష్టాల ఖాతాలో మునుపటిలాగే ఒకే అద్దె ఖర్చు పడుతుంది, అది తరుగుదలగా, వడ్డీగా విడిపోదు. కాబట్టి దాని 9.2ని మన 15.5 పక్కన పెడితే మనది ఎంతో ముందున్నట్టు కనిపిస్తుంది. శేషు గారు సరిచేసిన 7.5 పక్కన పెడితే మనది వెనకబడింది. ఈ ఒక్క పోలికలో దిశే మారిపోయింది.

నరహరి

నా మొదటి సలహా తప్పని ఒప్పుకుంటున్నాను. తరుగుదల పద్ధతుల తేడా తప్పించడానికి ఎబిటా వాడాలన్న మాట షాపులు అద్దెకు తీసుకునే వ్యాపారంలో 2019 తర్వాత చెల్లదని అర్థమైంది.

కానీ బ్యాలెన్స్ షీటు వైపు ఒక మంచి మార్పు కనిపిస్తోంది. నేను కూడా అదే కంపెనీ అనుకుని వెతికాను, అంకెలు సరిపోయాయి. సరుకు నిల్వ 2018లో మొత్తం ఆస్తుల్లో 34 శాతం, 2019లో 24 శాతం. పది పాయింట్లు తగ్గింది. సరుకు వేగంగా తిరుగుతోందని దీన్నిబట్టి చెప్పవచ్చు కదా?

శేషు ఆడిట్స్

అంకెలు కోట్లలో పెట్టి చూడండి నరహరి గారూ. 2018లో నిల్వ 170, మొత్తం ఆస్తులు 500. 2019లో నిల్వ 204. అంటే నిల్వ 20 శాతం పెరిగింది, అమ్మకాలు పెరిగింది 10 శాతం. మొత్తం ఆస్తులు 856 అయ్యాయి, అందులో 296 కోట్లు లీజు ఆస్తే, అంటే 370లో ఒక ఏడాది తరుగుదల పోగా మిగిలింది. దాన్ని పక్కన పెడితే ఆస్తులు 560, నిల్వ వాటిలో 36.4 శాతం. వెంకట్ గారి మిల్లులో హారం కుంచించుకుపోయింది, ఇక్కడ హారం ఉబ్బింది.

ఈ మొత్తం చర్చలో నాకు అన్నింటికన్నా ముఖ్యంగా అనిపిస్తున్నది ఇదే. లీజు సంగతి ఒక తెర మాత్రమే, అది తొలగితే అసలు కథ సరుకు వరుసలో ఉంది. సుభద్ర గారూ, 2016ని 100గా పెట్టి అమ్మకాలు, సరుకు ఖర్చు, నిల్వ ఈ మూడింటికీ సూచీ వేయండి.

సుభద్ర

వేశాను. 2016లో నిల్వ 120 కోట్లు, 2017లో 140.

అమ్మకాలు: 100, 110, 125, 137.5.
సరుకు ఖర్చు: 100, 111.9, 129.2, 144.4.
నిల్వ: 100, 116.7, 141.7, 170.

మూడు గీతలూ ఏటేటా ఒకదాన్నుంచి ఒకటి దూరమవుతున్నాయి. రోజుల్లో లెక్కిస్తే 2016లో 91 రోజుల సరుకు చేతిలో ఉండేది, 2019లో 107 రోజులది ఉంది. కామన్ సైజ్ పట్టికలో ఏడాదికి ఒక్క పాయింటు చొప్పున 60 నుంచి 63కి పెరిగిన ఆ వరుసను నేను మొదట పట్టించుకోనే లేదు, ఎందుకంటే నా కళ్లు అద్దె మీదే ఉన్నాయి.

కోమలి

2016 మామూలు ఏడాదేనా? ట్రెండ్ సూచీకి ఆధార సంవత్సరం అసాధారణంగా ఉంటే తర్వాతి ఏళ్లన్నీ వంకరగా కనిపిస్తాయి. ఒక దరఖాస్తులో ఆధార సంవత్సరంగా గోదాము కాలిపోయిన ఏడాదిని పెట్టుకుని, నిల్వ మూడింతలైందని భయపడిన నివేదికను చూశాను. 2014, 2015 నిల్వ రోజులు కూడా ఒకసారి లెక్కించండి.

సుభద్ర

2014లో 90, 2015లో 92. కాబట్టి 2016 మామూలు ఏడాదే.

నరహరి

నిల్వ పేరుకుపోయి, పాత మోడళ్లను తగ్గింపు ధరకు అమ్ముతున్నారన్నమాట. సరుకు ఖర్చు శాతం పెరగడానికి అదే కారణం. ఈసారి సరిగ్గానే చెప్పానని అనుకుంటున్నాను.

శేషు ఆడిట్స్

కావచ్చు, కానీ అంత నిశ్చయంగా చెప్పలేం. మీ మాటకు బలం ఉంది. తగ్గింపు అనేది ఖర్చు వరుసలో ఎక్కడా కనిపించదు, అమ్మకాల అంకె నుంచే తగ్గిపోయి వస్తుంది. 60కి కొన్న జతను 100కు బదులు 95కి అమ్మితే సరుకు ఖర్చు 60 నుంచి 63.2 శాతం అవుతుంది, కొన్న ధర మారకపోయినా సరే. అంటే సగటున 5 శాతం లోపు తగ్గింపు చాలు, ఈ మూడు పాయింట్ల మార్పు మొత్తం వివరించడానికి.

కానీ అదే లెక్కన జీతాలు, అద్దె శాతాలు కూడా కొంత పెరగాలి, ఎందుకంటే వాటికీ అదే హారం. 12 శాతం జీతాలు 12.6 కావాలి, 10 శాతం అద్దె 10.5 కావాలి. ఆ వరుసలు కదల్లేదు. ఒక్కో షాపు ఎక్కువ జతలు అమ్ముతూ ఆ పెరుగుదలను మింగేసి ఉండవచ్చు, లేదా అసలు కారణం తగ్గింపు కాకుండా కొనుగోలు ధర పెరగడమో, తక్కువ మార్జిన్ ఉన్న పిల్లల బూట్ల వంటివి ఎక్కువ అమ్ముడవడమో అయి ఉండవచ్చు. నిల్వల నోట్‌లో విలువ తగ్గించి రాసిన మొత్తం ఎంతో చెప్పాలి, అది చూడండి.

సుభద్ర

2016లో 4 కోట్లు, 2019లో 15 కోట్లు. అమ్మకాల్లో 0.5 శాతం నుంచి 1.4 శాతానికి పెరిగింది. అంటే మూడు పాయింట్లలో దాదాపు 0.9 దీనికే చెందుతుంది. మిగిలిన 2.1 పాయింట్లకు కారణం వార్షిక నివేదికలో ఎక్కడా దొరకలేదు. ఎన్ని జతలు అమ్మారో కూడా చెప్పలేదు.

కోమలి

జతల సంఖ్య లేకుండా ధర, పరిమాణం, రకాల కలయిక ఈ మూడింటినీ విడదీయలేం. నేనైతే ఆ 2.1 గురించి కంపెనీని అడగాల్సిన ప్రశ్నగా రాసి వదిలేస్తాను.

శేషు ఆడిట్స్

నేను నరహరి గారి వైపే కొంచెం మొగ్గుతాను. నిల్వ రోజులు పెరగడం, విలువ తగ్గించి రాసిన మొత్తం పెరగడం, సరుకు శాతం పెరగడం మూడూ ఒకేసారి జరిగాయి. అయినా రుజువు లేదన్న మాట నిజమే.

సుభద్ర

చివరిగా ఒక సందేహం. 2019ని పాత భాషలోకి మార్చి రాయాలా, లేక 2016 నుంచి 2018 వరకు ఉన్నవాటిని కొత్త భాషలోకి తేవాలా? నివేదికకు 2020, 2021 కూడా తర్వాత చేర్చాలి.

శేషు ఆడిట్స్

పాత భాషలోకే మార్చండి. దానికి కావలసిన అంకెలన్నీ ఏటా లీజుల నోట్‌లో దొరుకుతాయి, అమెరికా ప్రమాణాల కంపెనీతో పోలికకూ అదే పనికొస్తుంది. పాత ఏళ్లను కొత్త భాషలోకి తేవాలంటే అప్పటి ఒప్పందాల మిగిలిన కాలం, తగిన వడ్డీ రేటు మీరే ఊహించుకోవాలి.

కోమలి

ఇక్కడ నేను ఒప్పుకోను. అప్పు ఇచ్చేవారి కళ్లతో చూస్తే ఆ 370 కోట్లు 2018లో కూడా ఉన్నాయి, పట్టికలో కనిపించలేదంతే. ఆ షాపులు ఖాళీ చేసే స్వేచ్ఛ కంపెనీకి అప్పుడూ లేదు. ఊహ కొంత అవసరమే గానీ పూర్తిగా గాలిలో మేడ కట్టనక్కర్లేదు: 2018 నివేదికలోనే రద్దు చేయలేని అద్దెల మొత్తాన్ని ఏడాది లోపు, ఏడాది నుంచి ఐదేళ్లు, ఐదేళ్లు దాటినవి అని మూడు ముక్కలుగా ఇచ్చారు. ఆ మొత్తానికీ 2019 మొదటి రోజు లీజు అప్పుకూ మధ్య తేడా ఎందుకొచ్చిందో మారిన ఏడాది నోట్‌లో వివరించి ఉంటారు. వాడిన సగటు వడ్డీ రేటు కూడా అక్కడే ఉంటుంది. ఆ రేటుతోనే 2016, 2017, 2018కి వెనక్కి లెక్కించవచ్చు.

శేషు ఆడిట్స్

చేయవచ్చు, కానీ మూడు ముక్కలుగా ఇచ్చిన అద్దెలను ఏడాదుల వారీగా ఎలా పంచుతారన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఆ మార్పు ఎంతో చూపించకుండా ఒకే అంకె రాస్తే, లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. లాభాల పోలికకు నా దారి, అప్పుల పోలికకు మీ దారి అంటే నాకు అభ్యంతరం లేదు.

సుభద్ర

నోట్‌లో సగటు రేటు 6 శాతం అని ఉంది. లాభనష్టాల ఖాతాను శేషు గారు చెప్పినట్టు పాత భాషలో నాలుగేళ్లకూ ఇప్పటికే రాశాను. అప్పుల వైపు కోమలి గారి పద్ధతిలో 2018 లెక్క ముందు చేసి చూస్తాను, ఎందుకంటే దాని ఫలితం 2019 మొదటి రోజున ఉన్న 370కి ఎంత దగ్గరగా వస్తుందో పోల్చుకోవచ్చు. మరీ దూరంగా వస్తే 2016, 2017 జోలికి వెళ్లను. ఈ వారాంతం లోపు ఆ అంకె ఇక్కడే పెడతాను.